'అయినా' కాదు, 'కూడా'



మన పెళ్ళిళ్ళలో మాటలు చెప్పే వంతు ఎప్పుడూ ఆడపెళ్ళివారిదే. అప్పగింతల వేళ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. అమ్మాయి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడతారు. "గారాబంగా పెంచుకున్నాం, తెలిసీ తెలియక ఏదైనా తప్పు చేస్తే కడుపులో పెట్టుకోండి" అని తల్లి అంటుంది. తండ్రికి గొంతు పెగలదు. అప్పుడు మగపెళ్ళివారు ఏమంటారు? ఏమీ అనరు. తల ఊపుతారు, అంతే. ఆడపెళ్ళివారి మాటలకు జవాబు అనేది మన తంతులో ఎక్కడా లేదు.

రెండు కుటుంబాలూ ఒకే భాష, ఒకే తీరువాళ్ళయితే ఆ జవాబు లేకపోయినా గడిచిపోతుంది. తల ఊపటంలోని అర్థం వాళ్ళకు తెలుసు. కాని కోడలు వేరే భాష, వేరే జాతి పిల్ల అయినప్పుడు, వాళ్ళ వాళ్ళకు మన మౌనం అర్థం కాదు. ఇష్టంతో ఊరుకున్నారో, గత్యంతరం లేక ఊరుకున్నారో తెలియక బిక్కుబిక్కుమంటూ చూస్తారు. అందుకే ఇలాంటి పెళ్ళిళ్ళలో రిసెప్షన్ నాడు పెళ్ళికొడుకు తండ్రి లేచి నాలుగు మాటలు చెప్పటం ఇప్పుడు చాలా ఇళ్ళలో చూస్తున్నాం. చెప్పేది ఆయనే అయినా, ముందు ఆ కాయితం చదవవలసింది మనం. ఎందుకో మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను, వినండి.

మా పెద్దన్నయ్య వాళ్ళది విశాఖపట్నం. కొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ, అక్కడే పనిచేస్తున్న కలకత్తా అమ్మాయిని చేసుకుంటానన్నాడు. అన్నయ్య ఏడాదిన్నర ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకున్నాడు. కలకత్తాలో వాళ్ళ పద్ధతిలో పెళ్ళి, నాలుగు రోజుల తరువాత విశాఖలో మన రిసెప్షన్ అని అనుకున్నారు. బెంగాలీలకు కూడా మగపెళ్ళివారి ఇంట్లో జరిగే విందు ఒకటుంది. దాన్ని 'బౌభాత్' అంటారు. 'బౌ' అంటే కోడలు, 'భాత్' అంటే అన్నం. కొత్తకోడలు ఆ పూట అత్తవారి వాళ్ళకు తన చేత్తో అన్నం వడ్డిస్తుంది. అంటే మన రిసెప్షనూ, వాళ్ళ బౌభాతూ ఒక్కరోజునే కలిశాయన్నమాట. అన్నయ్య మాట్లాడటానికి అదే సరైన వేళ అనుకున్నాం.

పెళ్ళికి నెలరోజుల ముందు అన్నయ్య ఒక కాయితం తెచ్చి "చూడమ్మా చెల్లాయ్, ఎలా ఉందో" అన్నాడు. అందులో ఇలా ఉంది.

"మా కోడలు బెంగాలీ అమ్మాయి అయినా చాలా మంచిది. మా ఆచారాలూ, మా వంటలూ ఇట్టే నేర్చేసుకుంటుంది. ఈ రోజు నుంచి తనకు మేమే అమ్మా నాన్నా. పుట్టిల్లు గుర్తుకు రానంత బాగా చూసుకుంటాం. మాకు మొదటినుంచీ కులభేదాలు, భాషాభేదాలు లేవు."

అయిదే వాక్యాలు. అయిదూ మంచి మనసుతో రాసినవే. అయిదింటిలోనూ తప్పే ఉంది. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి వాక్యంలోని తప్పు 'అయినా' అన్న ఒక్క మాటలో ఉంది. బెంగాలీ అమ్మాయిలు సాధారణంగా మంచివాళ్ళు కారు, ఈ పిల్ల మాత్రం నయం అని ఆ మాటకు అర్థం వస్తుంది. అన్నయ్యకు ఆ ఉద్దేశం లేదు, నాకు తెలుసు. కాని మైకులో వెళ్ళేది ఉద్దేశం కాదు, మాట. ఇలాంటిది పట్టుకోవటానికి తేలిక ఉపాయం ఒకటుంది. ఆ వాక్యాన్ని తిప్పి మన పిల్లకు పెట్టి చూడాలి. "అన్నయ్యా, రేపు కలకత్తాలో వాళ్ళు లేచి, 'అబ్బాయి తెలుగువాడు అయినా మంచివాడే' అంటే నీకెలా ఉంటుంది?" అన్నాను. అన్నయ్య మాట్లాడకుండా ఆ వాక్యం కొట్టేశాడు.

రెండో వాక్యం దగ్గర మా వదిన అందుకుంది. "ఆచారాలూ వంటలూ నేర్చుకుంటుందని మీరు నలుగురిలో చెప్పేస్తే, నేర్పవలసింది నేను. నేర్చుకోకపోతే మాట పడవలసింది ఆ పిల్ల. మధ్యలో మీకేం?" అంది. నిజం చూడండి. మైకులో మగవాళ్ళు ఇచ్చిన మాటలు వంటింట్లో చెల్లించేది మనం. మా అన్నయ్య వాళ్ళది శాకాహారం ఇల్లు. అమ్మాయి వాళ్ళకు చేప లేనిదే శుభకార్యం లేదు. పెళ్ళికి ముందు పసుపుతోపాటు పెళ్ళికొడుకు ఇంటినుంచి పెళ్ళికూతురు ఇంటికి పెద్ద రోహు చేపను అలంకరించి పంపటం వాళ్ళలో ఆనవాయితీ. ఆ ముచ్చట అక్కడి బంధువుల చేతనే జరిపించారు. మరి అమ్మాయి విశాఖ వచ్చినప్పటి సంగతి ఏమిటి? ఇది ఉపన్యాసంలో తేలేది కాదు. వదిన తనే అమ్మాయికి ఫోను చేసి మాట్లాడింది. బెంగుళూరులో నీ వంటిల్లు నీ ఇష్టం, ఇక్కడ మాత్రం వంటింట్లో వద్దు, తినాలనిపిస్తే బయట తినిరండి, ఎవరూ ఏమీ అనరు అని విడమరచి చెప్పింది. ఆ అమ్మాయి కూడా సరేనంది. అంతటితో ఆ విషయం ఉపన్యాసంలోంచి తీసేశాం. ఇంట్లో తేల్చుకోని సంగతిని మైకులో వాగ్దానం చేయకూడదు. తేల్చుకున్న తరువాత దాన్ని చాటవలసిన అవసరమూ ఉండదు. పోతే, నవ్వు కోసం చేపల మీద, యాస మీద హాస్యాలాడటం అసలే వద్దు. మన వాళ్ళు నవ్వుతారు. వాళ్ళ వాళ్ళు ఎందుకు నవ్వుతున్నారని పక్కవాళ్ళను అడుగుతారు. ఆ అనువాదం మనకు వినపడదు.

మూడు, నాలుగు వాక్యాలు కలిపి చూడాలి. "మేమే అమ్మా నాన్నా, పుట్టిల్లు గుర్తుకు రానివ్వం" అనటం మనవాళ్ళకు ఆప్యాయంగానే వినిపిస్తుంది. కాని ఆ పిల్లను కన్న తల్లి ముందు వరుసలో కూర్చుని ఉంటుంది. వెయ్యి కిలోమీటర్ల దూరానికి కూతుర్ని పంపి, ఇక మా అవసరం లేదట అని ఆ తల్లి అనుకోవాలా? అన్నయ్యకు ఇది నేను చెబితే సగమే ఎక్కింది. మిగతా సగం కలకత్తాలో ఎక్కింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

అయిదో వాక్యం అబద్ధం. ఏడాదిన్నర ఒప్పుకోని తండ్రి "మాకు భేదాలు లేవు" అంటే, ఆ హాల్లో అందరికంటే ముందు నమ్మనిది ఆ అమ్మాయే. వాడు ఎన్నిసార్లు విశాఖ వచ్చి ఒట్టిచేతులతో తిరిగి వెళ్ళాడో ఆమెకు తెలుసు. అలాగని నలుగురిలో చేతులు జోడించి క్షమాపణ అడగటమూ బాగుండదు. కోడలు ఇబ్బంది పడుతుంది. పండుగ కాస్తా పంచాయితీ అవుతుంది. మేం ఆలోచించి చేసింది ఇది. పెళ్ళికి ముందే అన్నయ్యా వదినా కలకత్తా వెళ్ళి అమ్మాయి తల్లిదండ్రులతో ఆ మాట నేరుగా మాట్లాడి వచ్చారు. ఉపన్యాసంలో దానికి రెండుమూడు చిన్న వాక్యాలు ఉంచాం. ఆలస్యం చేసింది నేను, కారణం నాలో ఉంది, నీలో కాదు అని, అంతే. చెప్పవలసినవాళ్ళకు విడిగా చెప్పిన తరువాతే ఆ ముక్క మైకులో చెప్పాలి. ముందు వెనకలైతే అది ఒట్టి ప్రదర్శన అవుతుంది.

ఇక భాష సంగతి. వచ్చిన కలకత్తా వాళ్ళకు తెలుగు రాదు, మన చుట్టాలకు బెంగాలీ రాదు. అన్నయ్య మొత్తం ఇంగ్లీషులో చెబుతానన్నాడు. అలా చెబితే రెండువైపుల పెద్దవాళ్ళకూ అందదు. ఖర్గపూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగాయన ఒకరు మా వీధిలో ఉన్నారు. అక్కడ తరతరాలుగా మన రైల్వేవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళకు రెండు భాషలూ ఇంటి భాషలే. అన్నయ్య ఒక ముక్క తెలుగులో చెప్పటం, ఆయన దాన్ని బెంగాలీలో చెప్పటం అని ఏర్పాటు చేశాం. కాయితం ఆయనకు రెండురోజుల ముందే ఇచ్చాం. అది మంచిదయింది. అందులో అన్నయ్య "కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలి" అన్న సామెత పెట్టాడు. ఆయన చదివి, "దీన్ని బెంగాలీలో చెబితే కొట్లాటకు సిద్ధమని అర్థమవుతుందండీ" అన్నారు. సామెతలూ, మాటల విరుపులూ భాష దాటవు. అనువాదం ఉన్నప్పుడు చిన్న చిన్న వాక్యాలే మేలు. సమయం కూడా రెట్టింపవుతుందని మరువకండి. అన్నయ్య ముక్క గడియారం పెట్టుకుని చదివితే మూడు నిమిషాలు వచ్చింది. అనువాదంతో ఆరు. భోజనాలకు ముందు అంతకంటే ఎవరూ వినరు.

అయితే పూర్తిగా అనువాదం మీదే వదిలేయకుండా, ఒకటి రెండు ముక్కలు ఆయన నోటితోనే వాళ్ళ భాషలో రావాలి. ఎక్కువ వద్దు. ఎక్కువైతే ఉచ్చారణ మీద ధ్యాస పోయి మనసు మాట మరిచిపోతుంది. మా వాడు "ఆప్నాదేర్ మెయే, ఆమాదేరో మెయే" అన్న మాట పలికి ఫోనులో పంపాడు. మీ అమ్మాయి, మాకు కూడా అమ్మాయే అని దాని అర్థం. అన్నయ్య దాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకుని వారంరోజులు వల్లె వేశాడు. ఒకరోజు ఫోనులో కొడుక్కి అప్పజెబుతూ 'ఆమాదేరో' అనటానికి బదులు 'ఆమాదేర్' అన్నాడు. పక్కనే ఉన్న అమ్మాయి విని నవ్వుతూ దిద్దిందట. 'ఆమాదేర్' అంటే మాది. చివర ఆ 'ఓ' చేరిస్తే మాది కూడా. ఒక్క అక్షరం. అది జారిపోతే, పిల్లను వాళ్ళ దగ్గరనుంచి తీసేసుకున్నట్టు అర్థం వస్తుంది. అది ఉంటే, వాళ్ళ పిల్ల వాళ్ళ పిల్లగానే ఉండి మనకూ అయినట్టు. ఉపన్యాసమంతా కలిపి చెప్పవలసింది ఆ ఒక్క అక్షరమే సుమా! 'అయినా' కొట్టేసి 'కూడా' పెట్టటమే మేం చేసిన దిద్దుబాటంతా.

పిలుపుల విషయంలో కొంచెం ముందుగానే అడిగి తెలుసుకోవాలి. బెంగాలీలకు సామాన్యంగా రెండు పేర్లుంటాయి. ఒకటి నలుగురిలో చెప్పే మంచిపేరు, రెండోది ఇంట్లో పిలిచే ముద్దుపేరు. ముద్దుపేరు చనువున్నవాళ్ళది. ఎవరో చెప్పగా విని, దాన్ని మైకులో అనేయకూడదు. అమ్మాయే చెబితే అప్పుడు పిలవచ్చు. కోడలిని వాళ్ళు 'బౌమా' అంటారు. అందులో 'మా' అంటే అమ్మే. మనం కోడలిని "ఏమ్మా" అని పిలవటం లేదూ, అలాగే. వియ్యంకుడిని 'బేయాయ్' అనీ, వియ్యపురాలిని 'బేయాన్' అనీ అంటారు. ఇంగ్లీషులో లేని ఈ వరస మనకూ వాళ్ళకూ ఉంది. ఆ ఒక్క పిలుపుతో వాళ్ళ పెద్దాయన ముఖం వికసించటం నేను చూశాను.

ఇప్పుడు కలకత్తా సంగతి. పెళ్ళిలో అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టి అన్నదమ్ములు ఎత్తుకుని వస్తారు. ముఖానికి రెండు తమలపాకులు అడ్డం పెట్టుకుని ఉంటుంది. ఆకులు తీసి పెళ్ళికొడుకుని చూసేసరికి శంఖాలు ఊది, ఆడవాళ్ళంతా నాలుకలు ఆడిస్తూ 'ఉలుఉలు' అని ధ్వని చేస్తారు. మన పెళ్ళిలో జీలకర్రా బెల్లం పెట్టాక తెర తీసినప్పుడు మేళగాళ్ళు గట్టిమేళం అందుకుంటారే, అలాంటి ఘట్టం. అన్నయ్యకు అది వెంటనే అర్థమయింది. అర్థం కానిది మర్నాటి వీడ్కోలు. అమ్మాయి వెనక్కి తిరిగి నిలబడి గుప్పెడు బియ్యం తల మీదుగా విసిరితే, వెనక తల్లి చీరకొంగు పట్టి అందుకుంది. దాన్ని 'కనకాంజలి' అంటారు. అలా విసురుతూ "అమ్మా, నీ రుణం తీర్చుకున్నాను" అనాలి. ఈ మధ్య కొందరు అమ్మాయిలు ఆ మాట అనటానికి ఒప్పుకోవటం లేదు. ఈ పిల్ల మాత్రం పెద్దవాళ్ళ కోసం అంది. అని, ఏడ్చింది. అన్నయ్య పక్కవాళ్ళను అడిగి అర్థం తెలుసుకున్నాడు. ఆ రాత్రి రైల్లో కాయితం తీసి "పుట్టిల్లు గుర్తుకు రానంత" అన్న వాక్యాన్ని తనే కొట్టేశాడు. ఇంకో ముక్క రాశాడు. వదినను లేపి, దసరా సంగతి ఏమంటావని అడిగాడు. దసరాకు కోడలు ఇంట్లో ఉండాలని మనకుంటుంది. సరిగ్గా అవే రోజుల్లో వాళ్ళకు దుర్గాపూజ. వదిన కాసేపు ఆలోచించి, "సంక్రాంతికి ఇక్కడికి రమ్మనండి, దసరా వాళ్ళది" అంది. అప్పుడే ఆ వాక్యం కాయితంలోకి ఎక్కింది.

చివరికి విశాఖలో అన్నయ్య చదివింది ఇది.

"అందరికీ నమస్కారం. రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి వచ్చిన మా బేయాయ్‌గారికీ, బేయాన్‌గారికీ, వాళ్ళ వాళ్ళందరికీ నమస్కారం. మన పెళ్ళిళ్ళలో ఆడపిల్ల తండ్రి అప్పగింతలు పెడితే మగపిల్లవాడి తండ్రి మాట్లాడడు. నేను మాట్లాడదలుచుకున్నాను.

అమ్మా, ఈ పెళ్ళికి ఒప్పుకోవటానికి నేను ఏడాదిన్నర తీసుకున్నాను. అది నీలో లోపం కాదు. తెలియని ఇల్లంటే నాకున్న భయం. మీ ఇంటికి వచ్చి మీ నాన్నగారి పక్కన కూర్చుని భోంచేశాక ఆ భయం పోయింది. ముందే రావలసింది.

మొన్న నువ్వు తమలపాకులు తీసి మా వాడిని చూశావు. మా ఇళ్ళలో తెర తీసి చూస్తాం. అక్కడ నేను కొత్తవాడినని నాకు అనిపించలేదు. మర్నాడు నువ్వు బియ్యం విసిరి, అమ్మ రుణం తీరిందన్నావు. నీ ఆనవాయితీని నేను కాదనను. కాని మా ఇంట్లో ఎవరూ నిన్ను ఆ మాటకు కట్టుబడమని అడగరు. మీ అమ్మగారితో రోజూ మాట్లాడు. నీ భాషలో మాట్లాడు. మేం ఉన్నామని గొంతు తగ్గించకు. ప్రతి ఏటా దుర్గాపూజకు మీ ఊరు వెళ్ళు. సంక్రాంతికి మా దగ్గరికి రా. ఇది మీ అత్తగారు చెప్పమన్న మాట. వంటింటి సంగతి మీరిద్దరూ మాట్లాడుకున్నారట. అందులో నేను తలదూర్చను.

నీకు మా భాష రాకపోతే నష్టం లేదు. నేర్చుకుంటే సంతోషం. నేనూ నీ భాష రెండు ముక్కలు నేర్చుకున్నాను. తప్పయితే దిద్దు. ఆప్నాదేర్ మెయే, ఆమాదేరో మెయే. ఎషో, బౌమా."

'ఎషో' అంటే రా అని.

'వంటింటి సంగతి' దగ్గర రెండువైపులా నవ్వారు. ఆ నవ్వులో నొప్పి లేదు. రుణం మాట బెంగాలీలో వినగానే అమ్మాయి తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరి ముక్కకు అన్నయ్య గొంతు వణికింది గాని, 'ఓ' మాత్రం జారిపోలేదు. ఆ వెంటనే కలకత్తా ఆడవాళ్ళు ఉలుధ్వని చేసేసరికి మా పెద్దత్తయ్య ఉలిక్కిపడింది. ముందుగా చెప్పి ఉంచవలసింది, మరిచిపోయాం. మీ ఇంట్లో అలాంటి శుభకార్యం ఉంటే పక్కవాళ్ళకు ముందే చెప్పండి.

ఒక్క ఉపన్యాసంతో అన్నీ సర్దుకుపోతాయని నేననను. మా చుట్టాల్లో ఒకావిడ ఆ రోజే "ఎన్ని చెప్పినా మనపిల్ల మనపిల్లే" అని గొణిగింది. ఉపన్యాసం ఆవిడ నోరు మూయించలేదు. కాని ఇంటి యజమాని మాట ఏమిటో ఆవిడకూ తెలిసింది, కోడలికీ తెలిసింది. అమ్మాయి తల్లిదండ్రులు అలిగి పెళ్ళికే రాని సందర్భాలూ ఉంటాయి. అప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి. "వాళ్ళు రాకపోతేనేం, మేమున్నాం" అనకూడదు. "మీ వాళ్ళు ఎప్పుడు వచ్చినా ఈ ఇంట్లో వాళ్ళ చోటు వాళ్ళదే" అంటే చాలు.

మీ ఇంట్లో ఇలాంటి పెళ్ళి కుదిరి, మీవారు కాయితం తెచ్చి చూపిస్తే, ముందు అందులో 'అయినా' ఎక్కడుందో వెతకండి. తరువాత, ఆయన ఇచ్చిన మాటల్లో మీరు చెల్లించగలిగినవి ఎన్నో లెక్కపెట్టండి. చెల్లించలేనిది కొట్టేయించండి. అన్నయ్య ఇచ్చిన దసరా మాట మీద ఇప్పటికి రెండు దసరాలు గడిచాయి. రెండుసార్లూ పిల్లలిద్దరూ కలకత్తాలోనే ఉన్నారు. పండుగనాడు ఇల్లు బోసిగా ఉందని వదిన నా దగ్గర అంది. కోడలితో మాత్రం అనలేదు.